మాట పూర్తికానివ్వమని తోటి ఉద్యోగికి ఎలా రాయాలి

తెలుగు వాక్యంలో అసలు సంగతి చివర ఉంటుంది. "చెరువుకి నీళ్లు పెట్టాల్సిన పని ఉంది", "చెరువుకి నీళ్లు పెట్టాల్సిన పని లేదు". ఈ రెండింటికీ తేడా ఆఖరి పదం వినపడితేనే తెలుస్తుంది. మీటింగ్‌లో మనం మాట్లాడుతుంటే ఎవరైనా మధ్యలో అందుకున్నప్పుడు వినపడకుండా పోయేది ఆ ఆఖరి పదమే. ఈ సంగతి నాకు ఒక చెరువు నేర్పింది.

నేను భీమవరం దగ్గర రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. సోమవారం ఉదయం ఎనిమిదింటికి మా మీటింగ్. మేనేజర్ గారు, ఫీల్డ్ ఇన్‌ఛార్జి, మేత స్టాకు చూసే అబ్బాయి, ఇద్దరు ఫీల్డ్ కుర్రాళ్లు, నేను. ఫీల్డ్ ఇన్‌ఛార్జి వయసులో పెద్దాయన, అందరం ఆయన్ని బాబాయ్‌గారూ అని పిలుస్తాం. ఆ వారం కాలువ నీళ్ల శాంపిల్‌లో గ్రీన్ కాలనీలు, అంటే రొయ్యకు హాని చేసే రకం విబ్రియో బ్యాక్టీరియా, చెరువు నీళ్లలో కంటే బాగా ఎక్కువ వచ్చాయి. అందుకని నేను "నాలుగో చెరువుకి ఇప్పుడు కాలువ నీళ్లు పెట్టాల్సిన" అనేసరికి బాబాయ్‌గారు అందుకున్నారు. "పెట్టించేద్దామమ్మా, రాత్రికే మోటారు వేయిస్తాను" అన్నారు. మేనేజర్ గారు సరే అని ఐదో చెరువు సంగతికి వెళ్లిపోయారు. నా "పని లేదు" నా నోట్లోనే ఉండిపోయింది.

ఆ రాత్రి మోటారు నడిచింది. పొద్దున్న నాకు తెలిసి ఆపించేసరికి చెరువులోకి చాలా నీళ్లు వెళ్లిపోయాయి. రైతు ఫోన్ చేసి "ల్యాబ్ వాళ్లే కదమ్మా పెట్టమన్నది" అన్నాడు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఆ మధ్యాహ్నమే బాబాయ్‌గారికి మెసేజ్ రాయడానికి కూర్చున్నాను. రాసి, తుడిచి, మళ్లీ రాసి, చివరికి గురువారం పంపాను. ఆ మూడు రోజుల్లో నేను నేర్చుకున్నది, ఆ తర్వాత ఇంకో ఇద్దరికి రాయడంలో సాయం చేసినప్పుడు తెలిసింది, మీకు వరుసగా చెబుతాను.

రాసే ముందు: ఏది అడ్డు రావడం, ఏది కాదు

మొదట ఒక్క మీటింగ్ అయినా, వీలైతే రెండు, చేతిలో కాగితం పెట్టుకుని గమనించండి. మీరు మాట్లాడుతున్నప్పుడు ఆ మనిషి గొంతు వినిపించిన ప్రతిసారీ ఒక గీత గీయండి. గీత పక్కన ఒక్క ముక్కలో ఏమన్నారో రాయండి.

ఇది ఎందుకంటే మన గోదావరి జిల్లాల్లో వినడమంటే నోరు మూసుకుని వినడం కాదు. ఎదుటివాళ్లు చెబుతుంటే "ఆయ్", "ఆయ్", "అవునండి", "అదేనండి" అంటూ ఉంటాం. ఊ కొట్టకపోతే వినట్లేదనుకుంటారు. మనం చెప్పబోయే మాటని మనకంటే ముందే పూర్తిచేసి "అంతే కదా!" అనడం కూడా చాలామందికి ఆత్మీయతే. ఇది మన దగ్గరే ఉన్నది కాదు. డెబొరా టానెన్ అనే అమెరికా భాషావేత్త 1978లో ఒక పండగ భోజనం దగ్గర జరిగిన మాటల్ని రికార్డు చేసి పరిశీలించారు. న్యూయార్క్ నుంచి వచ్చినవాళ్లు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడటాన్ని ఉత్సాహం అనుకున్నారు. కాలిఫోర్నియా వాళ్లకు అదే తమని మాట్లాడనివ్వకపోవడంలా అనిపించింది. ఒకే బల్ల, ఒకే సంభాషణ. అందువల్ల మీకు అడ్డుగా తోచినది వాళ్ల లెక్కలో శ్రద్ధ అయ్యుండవచ్చు.

నా కాగితం మీద ఆ సోమవారం మీటింగ్‌ని గుర్తు తెచ్చుకుని గీసిన గీతలు తొమ్మిది. అందులో మూడు ఊ కొట్టడం. ఒకటి "ఏ చెరువమ్మా?" అన్న ప్రశ్న. ఇంకొకటి నిజంగానే తొందర విషయం, ఎవరి చెరువులోనో నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. మిగిలిన నాలుగే నా వాక్యం పూర్తికాకుండా ఆగిపోయినవి. తొమ్మిదీ అడ్డేనని రాసి ఉంటే ఆయనకి మొదటి మూడూ గుర్తుకొచ్చి, "ఊ కొట్టినా తప్పేనా?" అనేవారు. ఆ మాట దగ్గరే మా సంభాషణ ముగిసిపోయేది.

గీతలు గీస్తున్నప్పుడే ఇంకో రెండు చూడండి. ఒకటి, ఆయన మీ మాటే ఆపుతున్నారా, అందరి మాటా ఆపుతున్నారా? అందరిదీ అయితే అది మీ ఇద్దరి మధ్య సంగతి కాదు, మీటింగ్ నడిపేవాళ్లు చూసుకోవాల్సింది. మీరు ఒక్కరే ఉత్తరం రాస్తే అందరి ఫిర్యాదూ మీ నెత్తిన పడుతుంది. రెండోది, మీరు ఎంతసేపు మాట్లాడుతున్నారు? ఇది రాసుకోవడం నాకు కష్టమైంది. నేను ఇరవై రెండు చెరువులకూ పీహెచ్, అమోనియా, ఆల్కలినిటీ, తెల్లవారుజామున నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అన్నీ వరుసగా చదివేదాన్ని. సెల్‌లో చూస్తే పద్నాలుగు నిమిషాలు. అందులో మార్పు ఉన్న చెరువులు ఐదో ఆరో. ఫీల్డ్‌లో రైతులు ఎదురుచూస్తుండగా కూర్చున్న మనిషి పద్నాలుగు నిమిషాలు ఓపిక పట్టాలంటే ఎవరికైనా కష్టమే. ఆయన అందుకోవడం ఒప్పయిపోదు, అయితే నేను మార్చుకోగలిగింది ఒకటి నాకు దొరికింది. ఉత్తరంలో అది ఎంతో పనికొచ్చింది.

ఒక్క సంఘటనే తీసుకోండి

నాలుగు సార్లు జరిగినా ఒక్కటే రాయండి. నాలుగూ రాస్తే అది చిట్టా అవుతుంది, చదివేవాళ్లు జవాబు చెప్పడం మానేసి ఒక్కోదాన్నీ కాదని నిరూపించడానికి దిగుతారు. ఆ ఒక్కటీ ఎలాంటిదై ఉండాలంటే, వారం లోపల జరిగినదై ఉండాలి, ఇద్దరికీ గుర్తుండాలి, దానివల్ల పనికి వచ్చిన ఇబ్బంది కంటికి కనిపించాలి. "నాకు అవమానంగా అనిపించింది" అన్నది నిజమే అయినా మొదటి ఉత్తరంలో దానికి చోటు లేదని నా అభిప్రాయం. మనసులో మాట రాస్తే ఎదుటివాళ్లు ఓదార్చడమో, తమని తాము సమర్థించుకోవడమో చేస్తారు. మోటారు రాత్రంతా నడిచిందని రాస్తే మోటారు గురించి ఆలోచిస్తారు. మోటారు ఆయనకీ ముఖ్యమే.

నేను పంపని రెండు ఉత్తరాలు

మొదట కోపంలో రాసింది ఇది:

"బాబాయ్‌గారూ, మీరు ఎప్పుడూ నన్ను మధ్యలో ఆపేస్తారు. సోమవారం కూడా అలాగే చేశారు. నేను చెప్పేది వినకుండా మీరే నిర్ణయం తీసుకున్నారు. దానివల్ల రైతు దగ్గర ల్యాబ్ మాట పడింది. దయచేసి ఇకనుంచైనా నన్ను మాట్లాడనివ్వండి."

ఇందులో అబద్ధం దాదాపు లేదు. అయినా ఒక్కో మాటా ఎక్కడ గుచ్చుకుంటుందో చూడండి. "ఎప్పుడూ" అన్నది తప్పు లెక్క. తొమ్మిదింట నాలుగు. ఆయన ఆపని ఒక్క సందర్భం గుర్తు చేసుకుంటే చాలు, ఉత్తరం మొత్తం అబద్ధమైపోతుంది. "సోమవారం కూడా" అన్నచోట ఆ "కూడా" పాత లెక్కలన్నీ మోసుకొస్తుంది. "వినకుండా" అంటే ఆయన మనసులో ఏముందో నాకు తెలుసని చెప్పడం. అది నాకు తెలియదు, తర్వాత తేలిందేమిటంటే నేననుకున్నది తప్పు. "ఇకనుంచైనా" అన్న మాటలో ఇన్నాళ్లూ ఓర్చుకున్నాననే దెప్పు ఉంది. "దయచేసి" అన్నది రోజూ బాబాయ్‌గారూ అని పిలిచే మనిషికి రాస్తే నోటీసు బోర్డు మాటలా చల్లగా ఉంటుంది. మనం ఎదురుగా ఎవరితోనూ "దయచేసి" అనం. "కొంచెం" అంటాం, "అండి" అంటాం.

అన్నిటికంటే పెద్దది క్రియ. "ఆపేశారు" అన్న మాటలో ఆపినవాళ్లు ఉంటారు. "ఆగిపోయింది" అన్న మాటలో ఆగిన మాట ఒక్కటే ఉంటుంది. తెలుగులో ఈ సదుపాయం చక్కగా ఉంది. తెంచారు, తెగింది. చెడగొట్టారు, చెడింది. ఆపారు, ఆగింది. జరిగినది దాచకుండా, ఎవరినీ వేలెత్తి చూపకుండా చెప్పాలంటే రెండో రకం క్రియ వాడండి. మీ ఉత్తరంలో "మీరు" కర్తగా ఉన్న వాక్యాలన్నిటికీ గీత గీసి, ఒక్కొక్కటీ ఇలా తిప్పగలరేమో చూడండి. "మీరు" ఉండాల్సింది ఒక్కచోటే, అడిగే చోట.

భయపడి రాసిన రెండోది ఇంకా పనికిరానిది:

"బాబాయ్‌గారూ, మీరంటే నాకు చాలా గౌరవం, మీ అనుభవం ముందు నేనెంత, కానీ మీటింగుల్లో కొందరు మాట్లాడుతుంటే కొందరికి చెప్పే అవకాశం రావట్లేదనిపిస్తోంది. ఏమీ అనుకోవద్దు..."

చదివినవాళ్లకి ఏం అర్థమవుతుంది? "కొందరు" అంటే ఎవరు? తనేనని అర్థమైతే చాటుగా అన్నారని బాధ. అర్థం కాకపోతే ఏమీ మారదు. "కానీ" ముందు రాసిన గౌరవమంతా ఆ "కానీ"తో మాయమవుతుంది. "ఏమీ అనుకోవద్దు" అంటే అనుకోవాల్సింది ఏదో ఉందని చెప్పడమే. చివర మూడు చుక్కలు పెడితే అలిగినట్టు ఉంటుంది. పైగా ఇందులో ఏం చేయమంటున్నానో లేనే లేదు.

పంపిన ఉత్తరం

గురువారం పంపింది ఇదీ, అక్షరం మార్చకుండా:

"బాబాయ్‌గారూ, నమస్తే అండి. సోమవారం మీటింగ్‌లో నాలుగో చెరువు గురించి చెబుతుంటే నా మాట 'నీళ్లు పెట్టాల్సిన' దగ్గర ఆగిపోయిందండి. 'పని లేదు' అన్న ముక్క బయటికి రాలేదు. ఆ రాత్రి మోటారు నడిచింది, పొద్దున్న రైతుకి మనిద్దరం సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

వచ్చే సోమవారం నుంచి ఒక్కో చెరువు సంగతి చెప్పడం పూర్తవగానే నేను 'అయిందండి' అంటాను. మీరు చెప్పాల్సింది ఆ మాట తర్వాత చెబితే నాకు సాయంగా ఉంటుంది. నా వైపు నుంచి అన్ని అంకెలూ చదవకుండా మార్పు ఉన్న చెరువులే చెబుతాను, పది నిమిషాల లోపే అయిపోతుంది.

మీకిది కుదురుతుందా అండి? ఇంకోలా చేస్తే బాగుంటుందనిపిస్తే చెప్పండి."

దీని వరుస చూడండి. రోజూ పిలిచే పిలుపుతో మొదలైంది. ఇది చాలా ముఖ్యం. రోజూ "బాబాయ్‌గారూ" అనేవాళ్లు ఉత్తరంలో హఠాత్తుగా "గౌరవనీయులైన" అంటే, "నువ్వు" అనుకునే స్నేహితురాలు "మీరు" అంటే, మొదటి పదంలోనే తలుపు మూసినట్టు ఉంటుంది. తర్వాత జరిగింది. నేను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఏ పదం దగ్గర ఆగిందో సహా. తర్వాత దానివల్ల వచ్చినది, అందులో "మనిద్దరం". రైతుకి ఆయన కూడా సమాధానం చెప్పుకున్నారు కాబట్టి అది నిజమైన మాటే. ఇద్దరికీ కలిసిన ఇబ్బంది లేకపోతే "మనం" అని రాయకండి, నటనలా ఉంటుంది.

ఇక అడిగినది. "నన్ను మాట్లాడనివ్వండి" అన్నది అడగడమే అయినా, ఎప్పుడు పూర్తయిందో ఎదుటివాళ్లకు ఎలా తెలియాలి? "మధ్యలో మాట్లాడవద్దు" అంటే ఊ కొట్టడం కూడా మానేయాలా? "అయిందండి" అన్న గుర్తు పెట్టడంతో ఆయన చేయాల్సింది చిన్నదైపోయింది, స్పష్టమైంది. ఫలానా మాట వినేదాకా ఆగాలి, అంతే. మానేయమనడం కంటే ఎప్పుడు చేయాలో చెప్పడం మేలు. మీ మీటింగ్‌కి మీ గుర్తు వెతుక్కోండి. పెన్ను కింద పెట్టడం కావచ్చు, "ఇదీ నా రిపోర్టు" అనడం కావచ్చు. వీడియో కాల్‌లో అయితే మాట పూర్తయ్యాక మైక్ మ్యూట్ చేసుకోవడమే గుర్తుగా పెట్టుకోవచ్చు.

దాని పక్కనే నా వంతు రాశాను. నేను మార్చుకునేది లేకపోతే ఉత్తరం ఆజ్ఞలా ఉండేది. చివర ప్రశ్న, దానికి "లేదు" అని చెప్పడానికి కూడా చోటు. ఆ చోటు నిజంగానే ఇవ్వాలి. ఆఖరి వాక్యం లేకపోయి ఉంటే నాకు అసలు సంగతి తెలిసేదే కాదు.

తోటి వయసు వాళ్లకైతే ఇంత పొడుగు అక్కర్లేదు. అమలాపురం వైపు గ్రామ సచివాలయంలో పనిచేసే మా చెల్లెలు తన తోటి ఉద్యోగికి పంపింది ఇంతే: "ఏవే, నిన్నటి మీటింగ్‌లో పింఛన్ల లిస్టు చెబుతుంటే మూడో పేరు దగ్గర ఆగిపోయింది, మిగతా ఇద్దరి పేర్లూ ఎవరూ రాసుకోలేదు. రేపు లిస్టు మొత్తం చదివేశాక నీ డౌట్లు తీసుకుంటాను, సరేనా?" జరిగింది, ఫలితం, అడిగేది, ప్రశ్న. నాలుగూ ఉన్నాయి, పిలుపు కూడా వాళ్లదే.

ఎక్కడికి, ఎప్పుడు పంపాలి

గ్రూపులో వద్దు. ఎంత మెత్తగా రాసినా పదిమంది చూసే చోట అది పంచాయితీయే అవుతుంది. మేనేజర్‌కి కాపీ పెట్టడం కూడా ఈ దశలో వద్దు. వాట్సాప్‌లో ఆయన ఒక్కరికే పంపండి. స్టేటస్‌లో సూక్తులు పెట్టి అర్థం చేసుకుంటారని ఎదురుచూడటం అన్నిటికంటే చెడ్డ పద్ధతి, నాకు తెలిసిన రెండు స్నేహాలు అలాగే పోయాయి.

వేళ కూడా చూడాలి. రొయ్యల పనిలో తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే సమయం, మూడు నుంచి సూర్యోదయం దాకా, ఫీల్డ్ వాళ్లకి క్షణం తీరదు. రొయ్యలు పట్టే పట్టుబడి రోజుల్లో రాత్రీ పగలూ ఒకటే. అప్పుడు మెసేజ్ పడితే సగం చదివి, సగం మీదే మనసు పాడుచేసుకుంటారు. నేను గురువారం మధ్యాహ్నం రెండున్నరకి పంపాను. భోజనం అయ్యుంటుంది, సాయంత్రం మేత రౌండు ఇంకా మొదలవదు, సోమవారానికి మూడు రోజులుంటుంది. మీటింగ్‌కి గంట ముందు పంపితే ఆ మీటింగ్ అంతా ఇద్దరికీ టెన్షన్‌గా గడుస్తుంది.

ఉత్తరాన్ని నేరుగా ఆయన చాట్‌లో టైప్ చేయకండి. వేలు జారితే వెళ్లిపోతుంది. ముందు మీకు మీరే పంపుకోండి, ఒక రాత్రి ఆగి పొద్దున్న పైకి చదవండి. పైకి చదివితే దెప్పు ఎక్కడుందో చెవికి తెలుస్తుంది. పంపాక తప్పు కనిపిస్తే వాట్సాప్‌లో పదిహేను నిమిషాల లోపు దిద్దుకోవచ్చు, కాకపోతే దిద్దినట్టు అవతలివాళ్లకి కనిపిస్తుంది. పంపి, తీసేసి, మళ్లీ పంపడం మాత్రం వద్దు. తీసేసిన మెసేజ్‌లో ఏముందోనన్న ఊహ, ఉన్నదానికంటే ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే అలవాటుంటే ఈ ఒక్కదానికీ తెలుగు అక్షరాలు వాడండి. దీర్ఘాలు తెలియక ఒక మాటని ఇంకోలా చదువుకునే ప్రమాదం ఉంది. అంతకుమించి, తెలుగులో ఓపిగ్గా టైప్ చేశారంటే ఆలోచించి రాశారని అర్థమవుతుంది.

జవాబు ఎలా వస్తుంది

మన దగ్గర పెద్దవాళ్లు ఇలాంటి వాటికి తిరిగి రాయరు, ఫోన్ చేస్తారు. నాకు బ్లూ టిక్కులు పడ్డ రెండు నిమిషాలకే ఫోన్ మోగింది. గుండె దడదడలాడింది. మీకూ అలాగే జరుగుతుందనుకుని ముందే సిద్ధంగా ఉండండి. ఫోన్‌లో చేయాల్సింది ఒక్కటే, ఉత్తరంలో లేని కొత్త ఫిర్యాదు ఏదీ తీయకుండా ఉండటం.

ఆయన మొదటి మాట "అదేంటమ్మా, నేనెప్పుడు ఆపాను?" అని. నేను వాదించలేదు. "ఆపారని కాదండి, నా మాట చివర మీదాకా రాలేదు. అంతే చెప్పాలనుకున్నాను" అన్నాను. కాసేపు ఊరుకున్నారు. ఆ తర్వాత ఆయన చెప్పింది నేను కలలో కూడా అనుకోనిది. ఆయన కూర్చునే కుర్చీ కిటికీ పక్కన, బయట జనరేటర్. కుడిచెవి కొన్నేళ్లుగా మందగించింది. నేను కూర్చునేది ఆయనకి కుడివైపు. "నువ్వు మొదట గట్టిగానే అంటావమ్మా, చివరికొచ్చేసరికి గొంతు దిగిపోతుంది. అయిపోయిందనుకుని అందుకుంటాను" అన్నారు.

నిజమే. మనం వాక్యం చివర గొంతు దించుతాం. మన "ఉంది", "లేదు" ఆ దిగిన గొంతులోనే ఉంటాయి. ఆయన నా మాటని ఆపట్లేదు, ఆయన చెవికి నా మాట అక్కడే ముగుస్తోంది. "మీరు వినకుండా" అని రాసిన మొదటి ఉత్తరం పంపి ఉంటే, చెవి సరిగ్గా వినపడని మనిషికి ఆ మాట ఎలా తగిలేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

అన్ని జవాబులూ ఇలా ఉండవు. "అయ్యో, సారీ" అని వస్తే "పర్వాలేదండి, సోమవారం నుంచి అలా చేద్దాం" అని అక్కడితో ఆపండి. క్షమాపణ చెప్పినవాళ్లకి మళ్లీ సంఘటన గుర్తుచేయకండి. "నువ్వు మా అమ్మాయిలాంటిదానివి, నిన్ను అనడమేంటి" అని ఆప్యాయత వైపు మళ్లిస్తే ఆ ఆప్యాయతని తీసుకోండి, తీసుకుని అడిగినది మళ్లీ అడగండి. "అందుకేనండి మీకే చెప్పాను. సోమవారం 'అయిందండి' అంటాను, గుర్తుంచుకోండి." జవాబే రాకపోతే రెండోసారి రాయకండి. చూశారు, అది చాలు. మీటింగ్‌లో మీరు మాటిచ్చినట్టు క్లుప్తంగా చెప్పి, మీ గుర్తు వాడటం మొదలుపెట్టండి. కొందరు జవాబివ్వకుండానే మారతారు.

తర్వాతి మీటింగుల్లో

ఆ సోమవారం నేను ఆయనకి ఎడమవైపు కూర్చున్నాను. అడగకుండా కుర్చీ మార్చుకున్నాను, ఆయన చూసి తల ఊపారు. మార్పు ఉన్న ఆరు చెరువులే చెప్పాను. ముఖ్యమైన మాట ముందుకు తెచ్చుకోవడం కూడా నేర్చుకున్నాను. "నాలుగో చెరువు: కాలువ నీళ్లు వద్దు. కారణం ఏంటంటే" అని మొదలుపెడితే మధ్యలో ఏమైనా "వద్దు" అన్నది చేరిపోతుంది. తెలుగు వాక్యాన్ని ఇలా తిప్పితే వినడానికి కాస్త గరుకుగా ఉంటుంది గానీ, నీళ్లకీ మందులకీ సంబంధించిన మాటల్లో గరుకే మంచిది.

మూడో చెరువు దగ్గర ఆయన మళ్లీ అందుకున్నారు. ఏళ్ల అలవాటు ఒక ఉత్తరంతో పోదు. అప్పుడు ముఖం చిట్లించకుండా, గొంతు పెంచకుండా అనాల్సిన మాట ముందే అనుకుని పెట్టుకోండి. నాది "బాబాయ్‌గారూ, ఒక్క ముక్క మిగిలిందండి". ఆయన "ఆ, చెప్పు చెప్పు" అన్నారు. ఉత్తరంలో ఉన్న సంగతి బయటపెట్టకుండా, ఆయనకి మాత్రమే గుర్తుకొచ్చేలా ఉండే మాట కావాలి. "నేను మీకు మెసేజ్ పెట్టాను కదా" అని అందరి ముందూ అంటే అంత జాగ్రత్తా వృథా.

ఆ మీటింగ్ నుంచి గీతలు మళ్లీ గీశాను. నాలుగున్నవి మొదటి వారం రెండు, తర్వాత వారం ఒకటి. మూడో వారం ఏమీ లేదు, ఊ కొట్టడాలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. నాలుగు మీటింగులు చూసి, మార్పు ఉంటే ఒక్క ముక్క రాయండి: "ఈ వారం రిపోర్టు తొమ్మిది నిమిషాల్లో అయిపోయిందండి, థ్యాంక్సండి." అంతకంటే పొగడకండి.

ఈ ఉత్తరం పనిచేయని చోట్లు

నాలుగు మీటింగుల తర్వాత కూడా గీతలు తగ్గకపోతే రెండో ఉత్తరం రాయవద్దు. అప్పుడు ఎదురుగా కూర్చుని టీ తాగుతూ అడగాలి, లేదా మీటింగ్ నడిపేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. వాళ్ల దగ్గర కూడా మనిషి గురించి చెప్పకండి, పద్ధతి అడగండి: "ఒక్కొక్కరి రిపోర్టు అయ్యాకే ప్రశ్నలు తీసుకుందామా అండి?"

ఆపేది మీ పై అధికారి అయితే ఈ ఉత్తరం ఇలాగే పంపడం నేను చెప్పను. ఆయనకి ఉత్తరం కంటే "రిపోర్టు ముందే రాసి పంపమంటారా అండి?" అన్న ప్రశ్న మేలు. కాగితాన్ని ఎవరూ మధ్యలో ఆపలేరు.

గీతలు గీసేటప్పుడు ఇంకోటి కూడా కనిపించవచ్చు. ఆడవాళ్ల మాటలే తెగుతున్నాయి, మగవాళ్లవి పూర్తవుతున్నాయి. లేదా ఒక కులం వాళ్ల మాటకే విలువ ఉండట్లేదు. లేదా ఆపడంతోపాటు వెటకారం కూడా ఉంది. అలాంటిది కనిపిస్తే "ఆగిపోయింది" అన్న మెత్తని క్రియ దాన్ని కప్పిపుచ్చుతుంది. అప్పుడు ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో తేదీలతో రాసిపెట్టుకుని, పై వాళ్లకి "ఆపారు" అనే రాయండి.

మా మీటింగ్ గదిలో కుర్చీలు ఇప్పుడు మారాయి. బాబాయ్‌గారు జనరేటర్ కిటికీకి దూరంగా, మేనేజర్ గారి పక్కన కూర్చుంటున్నారు. నా చెరువుల వంతు వచ్చినప్పుడు ఒక్కోసారి ఆయనే అడుగుతారు, "అయిందామ్మా?" అని.